దండానికి రసీదు

మొన్న మా పాత టెక్నీషియన్ ఫోన్ చేశాడు. నేను రిటైరై విజయనగరం వచ్చేశాక అప్పుడప్పుడు చేస్తుంటాడు. కుశల ప్రశ్నలయ్యాక, "మేడమ్, దండం కాగితం ఆవిడ పోయిందట. గుండెపోటంట. సంతలో తట్ట దించుతూనే కూలబడిపోయిందట," అన్నాడు.

అతను పేరు చెప్పలేదు. అక్కర్లేదు కూడా. మా డయాలసిస్ విభాగంలో పనిచేసిన వాళ్లెవరికైనా ఆ రెండు మాటలు చాలు. ఆమె పేరు నేనూ ఇక్కడ రాయను. పేరు రాయనా వద్దా అని అడిగి రాస్తేనే ఆమెకు ఇష్టం. అడగడానికి ఇప్పుడు ఆమె లేదు.

భావనపాడు మనిషి. నలభై దాటిన వయసు. పొద్దున్నే రేవులో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగి అమ్మేది. భర్త గుజరాత్ వైపు బోట్లలో పనికి వెళ్లి, ఏడాదికి రెండు మూడు నెలలు మాత్రమే ఇంట్లో ఉండేవాడు. తల్లి ఎప్పుడో పోయింది. తమ్ముడు సాలూరులో ఉంటూ లారీ నడిపేవాడు. తండ్రికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, ఆయనను మా సర్కారు ఆస్పత్రికి తీసుకొచ్చే పని ఆమెది. రెండేళ్లకు పైగా తెచ్చింది.

వచ్చీ రాగానే బయట కుళాయి దగ్గర సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కునేది. చేతులు వాసన చూసుకునేది. "ఇంకా వస్తన్నాదా సిస్టరమ్మా?" అని నా ముక్కు దగ్గర పెట్టేది. వస్తోందంటే, "అయితే రానీ. సేపలమ్మినోల్లకి మల్లెపూల వాసనొస్తాదేటి?" అని లోపలికి నడిచేది.

తరువాత బరువు చూసే యంత్రం. మాకు డయాలసిస్‌లో బరువే మొదటి లెక్క. కిడ్నీలు పనిచేయని మనిషి తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి. పోయినసారి వెళ్లినప్పటి కంటే ఈసారి ఎంత పెరిగాడో చూసి, అంత నీటిని నాలుగు గంటల్లో మిషన్ ద్వారా తీయాలి. ఎక్కువ పెరిగితే ఎక్కువ తీయాలి, ఎక్కువ తీస్తే గుండె మీద భారం. ఇదంతా మొదటి నెలలోనే ఆమెకు చెప్పాను. ఆ తరువాత నాకు ఏనాడూ మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. తండ్రి ఎక్కేముందు వంగి, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసేది. లేకపోతే కాలితో చిన్నగా తట్టి సరిచేసేది. తూకం దగ్గర ఆమెను ఎవరూ మోసం చేయలేరు.

"మూడు కిలోలు. ఏటి నానా, ఎవరింట్లో తాగినావు?"

"తాగనేదే."

"తాగకపోతే గాలి బరువా ఇది?"

ఆయన గుటకలు మింగుతూ నా వైపు చూసేవాడు. సముద్రం మీద యాభై ఏళ్లు గడిపిన మనిషి, రోజుకు రెండు గ్లాసుల నీళ్లు చాలని మేమంటే ఎలా బతకాలో తెలియక తికమకపడేవాడు.

ఇంకొక అలవాటు. ఆమె మనుషులను పేరు పెట్టి పిలిచేది. మా ఆస్పత్రిలో చాలామందికి పేర్లుండవు. సిస్టర్, ఆయా, వార్డుబోయ్, సెక్యూరిటీ. ఆమె మొదటిరోజే గది ఊడ్చే మనిషిని ఆపి, "నీ పేరేటమ్మా?" అంది. ఆ మనిషి సిగ్గుపడి చెప్పింది. పదకొండేళ్లుగా అదే గదిలో పనిచేస్తున్న నాకు ఆ పేరు అంతవరకు తెలియదు. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి కూడా నాకు సిగ్గుగానే ఉంది.

తండ్రికి మిషన్ పెట్టి ఉన్న నాలుగు గంటలూ ఆమె కిటికీ దగ్గర నిలబడేది. కుర్చీ ఇస్తే, "కూకుంటే నిదరొస్తాది. నిదరొస్తే నా నాన్న మొగం ఎవులు సూస్తారు?" అనేది. నిజంగానే చూసేది. ఒకసారి మా అందరి కంటే ముందు, "సిస్టరమ్మా, ఆవులిస్తన్నాడు," అని కేకేసింది. మిషన్ మీద ఉన్న రోగి ఊరికే ఆవులించడం మొదలుపెడితే బీపీ పడిపోతోందని అనుమానించాలి. వెళ్లి చూస్తే అదే. కాళ్ల వైపు మంచం ఎత్తి, నీరు తీయడం ఆపి, సెలైన్ ఎక్కించాం. తేరుకున్నాడు. ఆ తరువాత మా కొత్త నర్సులకు పాఠం చెప్పేటప్పుడు, ఆవులింతను చూడాలని చెప్పి, కిటికీ వైపు చూపించేదాన్ని.

ఆయన పోయిన రోజు కూడా మొదట చూసింది ఆమే.

ఆ వారం సోమవారం రాలేదు. తమ్ముడు చాలా నెలల తరువాత సాలూరు నుంచి సెలవు మీద వచ్చాడట. ఆరోజు ఊళ్లో కొత్త వల మొదటిసారి నీళ్లలో వేస్తున్నారట. ఒడ్డుకు వెళ్లి చూస్తానని తండ్రి పట్టుబట్టాడు. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అని కొడుకన్నాడు. ఆమె గొడవపడింది, ఓడిపోయింది. రోజంతా ఎండలో ఒడ్డున కూర్చున్న తండ్రి నాలుక ఎండిపోతోందంటే, కొడుకు రెండు కొబ్బరిబొండాలు కొట్టించి తాగించాడు. ప్రేమతోనే తాగించాడు. కిడ్నీలు పోయిన వాళ్లకు కొబ్బరినీళ్లు పనికిరావని, అందులోని పొటాషియం గుండెను ఆపేయగలదని అతనికి తెలియదు. అతనికి మేము చెప్పలేదు. మేము చెప్పింది ఆమెకు. ఆమె అప్పుడు సంతలో ఉంది.

గురువారం వచ్చేసరికి ఆయన మొహం ఉబ్బి ఉంది. బరువు దాదాపు ఆరు కిలోలు ఎక్కువ. ఆమె ముల్లు చూసి, ఎవరింట్లో తాగావని అడగలేదు. అడగకపోవడం అదే మొదటిసారి. డ్యూటీ డాక్టర్ కాంట్రాక్టు మీద చేరిన కుర్రాడు, పాతికేళ్ల పైన రెండో మూడో. అతను వచ్చి చూసి, నీరు నెమ్మదిగా తీద్దామని, గంట ఎక్కువైనా ఫర్వాలేదని రాశాడు. పరీక్షకు రక్తం పంపాడు. మిషన్ మొదలుపెట్టాం.

గంటన్నర అయ్యాక కిటికీ దగ్గర నుంచి, "సిస్టరమ్మా, నాన్న," అని వినిపించింది. ఈసారి కేక కాదు. మామూలు గొంతు. నేను వెళ్లేసరికి చెమటలు పట్టి, కళ్లు తేలేశాడు. నాడి అందలేదు.

మంచం చదును చేసి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. రెండో నర్సు ఇంజెక్షన్లు ఎక్కించింది. టెక్నీషియన్ మిషన్ ఆపి, అంబూ బ్యాగ్‌తో గాలి అందించాడు. డాక్టర్ గుండెకు షాకిచ్చే మిషన్ కావాలన్నాడు. ఆ మిషన్ మా విభాగంలో లేదు. ఆస్పత్రి మొత్తానికి ఒకటే, క్యాజువాలిటీలో ఉంటుంది. మధ్యలో పొడవాటి వరండా. ఇంకెవరినో పంపే వ్యవధి లేదు. డాక్టరే పరిగెత్తాడు.

అప్పుడే తమ్ముడు లోపలికి వచ్చాడు. తండ్రి మీద పడి, చేతికున్న రక్తం గొట్టాలు పట్టుకుని లాగబోయాడు. అవి ఊడితే ఏమవుతుందో అతనికేం తెలుసు. నా రెండు చేతులూ ఛాతీ మీద ఉన్నాయి. మోచేత్తో అతన్ని తోశాను. "బయటికి పొండి, పొండి ముందు," అని అరిచాను. గట్టిగానే అరిచాను.

డాక్టర్ మిషన్ తోసుకుంటూ వచ్చాడు. ముప్పై, నలభై నిమిషాలు షాక్ ఇస్తూ, అందరం మార్చి మార్చి నొక్కాం. ఆయన తిరిగి రాలేదు.

డాక్టర్ గడియారం చూసి సమయం రాశాడు. తరువాత ఆమె దగ్గరికి వెళ్లి, చేతులు కట్టుకుని, "అమ్మా, చేయగలిగింది చేశాం. కాపాడలేకపోయాం," అన్నాడు. ఆమె అతని మొహం చూసింది. చెమటతో తడిసిన చొక్కా చూసింది. "కూకో బాబూ, కాసిన్ని నీళ్లు తాగు," అంది.

నాలుగో రోజుకు నాకు మెమో వచ్చింది. వరండాలో ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. పదిహేను సెకన్లు ఉంటుంది. అందులో నేను ఒక మనిషిని మోచేత్తో తోస్తూ అరుస్తున్నాను. తెల్లకోటు వేసుకున్న డాక్టర్ గది నుంచి బయటికి పరుగెత్తుతున్నాడు. అంతే. తిరిగి మిషన్‌తో రావడం అందులో లేదు. "రోగి ప్రాణం పోతుంటే పారిపోయిన డాక్టర్" అని కింద రాసి పంచుకున్నారు. జిల్లా అంతా తిరిగింది. వాళ్ల ఊరి పెద్దమనిషి ఒకడు, మా నిర్లక్ష్యం వల్లే ఆయన చనిపోయాడని ఫిర్యాదు టైపు చేయించి, తమ్ముడి చేత సంతకం పెట్టించి మా ఆఫీసులోనూ ఇచ్చి, పైకీ పంపాడు. విచారణ వేశారు. డాక్టర్‌ను విధులకు రావద్దన్నారు. నన్ను పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నారు.

ఫిర్యాదు మీద ఆమె సంతకం లేదని నాకప్పుడు తెలియదు. ఆ కుటుంబం మొత్తం మమ్మల్ని హంతకుల్లా చూస్తోందనే అనుకున్నాను. రెండేళ్లు కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి కూడానా అని మనసు చాలా కష్టపడింది.

పన్నెండో రోజు కార్యం అయిన మర్నాడు పొద్దున ఆమె వచ్చింది. చేతిలో తట్ట లేదు. గీతల నోటుబుక్కు, పెన్ను ఉన్నాయి. మామూలుగానే కుళాయి దగ్గర చేతులు కడుక్కుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"సిస్టరమ్మా, ఆరోజు గదిలో ఉన్నోల్లందరి పేర్లూ కావాల. ఇంటిపేర్లతో సహా సెప్పు. తప్పు రాయకూడదు."

ఇంకో ఫిర్యాదు కాబోలనుకున్నాను. "దేనికమ్మా?"

"దండం రాస్తన్నాను. కాయితం మీద."

నేను అర్థం కాక చూస్తుంటే ఆమె వివరించింది. చాలా రోజులుగా మాకేదైనా ఇవ్వాలని ఉందట. అంతకు ముందు ఒకసారి మంచి ఎండుచేపలు తెస్తే, రోగుల దగ్గర ఏదీ తీసుకోకూడదని మేము తిప్పి పంపేశాం. "సేప తీసుకోరు. పోనీ కాయితం తీసుకుంటారా నేదా? దానిక్కూడా రూలుందేటి?"

కాగితానికి రూల్ లేదు. కానీ నాకు రూలుంది. "అమ్మా, నా మీద విచారణ జరుగుతోంది. నేను నీ కాగితంలో ఒక్క మాట చెప్పినా, నేనే రాయించానంటారు. నీ కాగితం విలువ పోతుంది. పేర్లు ఆఫీసులో అడుగు. నన్నేమీ అడగకు."

ఆమె నోటుబుక్కు మూసింది. "అదీ నిజమే," అని వెళ్లి బయట బెంచీ మీద కూర్చుంది. ఆమె అక్కడ కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

రెండు రోజులు రాసింది. ఐదో తరగతి చదువు. ఒక్కొక్క అక్షరమూ వల కుట్టినట్టు ఆగి ఆగి పెట్టేది. వచ్చే పోయే వాళ్లను ఆపి పేర్లడిగేది. గది ఊడ్చే మనిషి పేరు మాత్రం అడగలేదు, అది ఆమెకు తెలుసు. మధ్యలో మా ఫార్మసిస్టు జాలిపడి, "నేను మంచి భాషలో రాసిపెడతానమ్మా, 'మీ అమూల్య సేవలకు' అని మొదలుపెట్టి," అన్నాడు.

"అమూల్యం అంటే ఏటి?"

"వెల కట్టలేనిది."

"నాను రోజూ వెల కట్టి బతికేదాన్ని. ఆ మాట నా నోట ఎవులు నమ్ముతారు? ఒద్దు బాబూ. ఏటి జరిగిందో అదే రాస్తాను."

మూడో రోజు నేను నా సంజాయిషీ ఇవ్వడానికి ఆఫీసుకు వెళ్లాను. అక్కడ ఇన్‌వార్డ్ గుమాస్తా బల్ల ముందు ఆమె నిలబడి ఉంది. ఆస్పత్రికి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ అతను రిజిస్టర్‌లో ఎక్కించి, నంబరు వేసి, పై అధికారికి పంపాలి. ఇచ్చినవాళ్లు అడిగితే వాళ్ల నకలు మీద ముద్ర వేసి, తారీఖు వేసి తిరిగివ్వాలి. ఆమె రెండు ప్రతులు తెచ్చింది. రెండూ చేత్తో రాసినవే.

"ఇది ఫిర్యాదు కాదు కదమ్మా," అంటున్నాడు గుమాస్తా. "థాంక్స్ లెటర్లకి నంబరుండదు. అదిగో, సలహాల పెట్టెలో వేసెయ్."

"మా తమ్ముడి కాయితానికి నంబరేసినారా?"

"అది ఫిర్యాదు."

"తిట్టినోడికి రసీదిచ్చినారు. దండం ఎట్టినదానికి ఇవ్వరేటి? రెండూ కాయితాలే కదా. రెండూ మా ఇంటి నుంచే వచ్చినాయి కదా."

గుమాస్తా నవ్వాడు. ఆమె నవ్వలేదు. బల్ల ముందు నుంచి కదలలేదు కూడా. వెనక వరుస పెరిగింది. చివరికి అతను కాగితాన్ని సూపరింటెండెంట్ గారి గదిలోకి తీసుకెళ్లాడు. ఐదు నిమిషాల తరువాత ఇద్దరినీ లోపలికి పిలిచారు, ఆమెనూ, నన్నూ.

సూపరింటెండెంట్ మంచివాడే. రిటైర్మెంట్ దగ్గరపడి భయపడే మంచివాడు. ఆయన ఆ కాగితాన్ని పైకి చదివాడు. విచారణ అయ్యాక తీసుకున్న దాని నకలు నా దగ్గర ఉంది కనుక ఆమె అక్షరాల్లోనే రాస్తాను.

"పెద్ద డాట్రు గారికి. మా నాన్న మీ ఆస్పత్రిలో రెండేళ్లు మిసను మీద బతికినాడు. గురువారం నాడు పోయినాడు. మేం ఏడుస్తన్నాం. అయినా ఈ కాయితం రాస్తన్నాం. సోమారం మేం తేనేదు. తేకపోడం మా తప్పు. తాగకూడనిది మా దగ్గిరే తాగినాడు. అది సిస్టర్ల తప్పు కాదు. గురువారం నాను కిటికీ కాడ నిలబడి అంతా సూసినాను. సిస్టరమ్మ నా నాన్న గుండె మీద సేతులెట్టి నొక్కినాది. సేతులు తియ్యనేదు. సెమట ఆయన మీద పడతన్నా తియ్యనేదు. డాట్రు బాబు పారిపోనేదు. గుండె మిసను తేడానికి పరిగెట్టినాడు. తెచ్చినాడు. ఆ మిసను ఈ గదిలోనే ఉంటే ఆ బాబు పరిగెట్టక్కర్నేదు, ఆ వీడియో ఉండదు. గది ఊడిసే అమ్మ మా నాన్న కాల్లు పిసికినాది, సివరికి ఆయన కళ్లు మూసినాది ఆ అమ్మే. నాన్నని ఇంటికి పంపినప్పుడు సెయ్యి కట్టు ఇప్పి, రగతం తుడిసి, మొగం కడిగి పంపినారు. మా ఇంటోల్లు సేసినట్టే సేసినారు. మీకు దండాలు."

తరువాత పేర్లు. పది మందివి. ఒక్కటీ తప్పు లేదు. కింద ఆమె సంతకం. దాని పక్కన తమ్ముడి పేరు రాసి, ముందు ఖాళీ గీత.

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"చాలా బాగా రాశావమ్మా," అన్నాడు సూపరింటెండెంట్. "దీన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెడతాను. ఒక్క మాట. 'ఆ మిషన్ ఈ గదిలోనే ఉంటే' అన్న వాక్యం తీసేద్దాం. దండం పెడుతూ వేలు చూపించినట్టుంటుంది."

"అది నిజం కాదా బాబూ?"

"నిజమే అనుకో. కానీ ఇది థాంక్స్ లెటర్ కదా."

"నిజం తీసేస్తే మిగిలినది ఎవులు నమ్ముతారు? సోమారం తప్పు మాదని రాసినాను. నా తప్పు నాను ఉంచినాను. మీది మీరు ఉంచండి."

ఆయన కాగితాన్ని మొదటి నుంచి ఇంకోసారి చదువుకున్నాడు. బెల్ కొట్టి గుమాస్తాను పిలిచాడు. "నంబరు వెయ్," అన్నాడు.

ఆమె ముద్ర పడిన నకలును దీపం ముందు పట్టినట్టు వెలుతురులో పట్టుకుని, నంబరు రెండుసార్లు చదువుకుని, మడిచి జాకెట్టులో పెట్టుకుంది. బయటికి వచ్చాక నన్ను చూసి, "మాటాడకూడదు కదా నీతోటి," అని, తల మాత్రం ఊపి వెళ్లిపోయింది.

నంబరు పడిన కాగితం కనుక అది విచారణ ఫైల్లోకి వెళ్లింది. సలహాల పెట్టెలో వేసి ఉంటే వెళ్లేది కాదు. జిల్లా నుంచి ఇద్దరు డాక్టర్లు విచారణకు వచ్చారు. మా డయాలసిస్ రికార్డు చూశారు. బరువు, ప్రతి అరగంటకూ రాసిన బీపీ, ఇచ్చిన మందులు, సోమవారం గడిలో "రాలేదు" అన్న గుర్తు. తరువాత ఆమెను, తమ్ముడిని పిలిచారు. నన్ను తలుపు పక్కన కూర్చోబెట్టారు. ముందు ఆమె కాగితాన్ని పైకి చదివారు.

"ఇది ఎవరు రాయించారు?" అని అడిగారు ఆమెను.

"ఆ అచ్చరాలు సూడండి బాబూ. ఎవులైనా రాయిస్తే అంత గోరంగా ఉంటాయా?"

"మీ తమ్ముడు ఇంకోలా రాశాడే."

"ఆడు రాయనేదు. టైపు సేసి తెస్తే సంతకం ఎట్టినాడు. ఆడు తండ్రి పోయిన బాదలో ఉన్నాడు. బాదలో ఉన్నోడి సేత ఎవులైనా ఏదైనా ఎట్టించుకోవచ్చు. నాను ఆడి మీద సెప్పడానికి రానేదు."

నేను తమ్ముడిని చూస్తూనే ఉన్నాను. లారీ నడిపి నడిపి బండబారిన చేతులు ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. ఆమె బొండాల సంగతి ఎక్కడా చెప్పలేదు. తాగకూడనిది "మా దగ్గర" తాగాడని రాసింది, తమ్ముడు తాగించాడని రాయలేదు. అది అతనికి అర్థమైంది. అప్పటిదాకా ఎవరినీ చూడని మనిషి లేచి, "ఆ కాయితం ఓసారి ఇవ్వండి," అన్నాడు.

ఇచ్చారు. నిలబడే చదివాడు. బల్ల మీద పెన్ను తీసుకుని ఖాళీ గీత మీద సంతకం పెట్టాడు. ఆగి, కింద ఇంకో రెండు వరసలు రాశాడు. విచారణకు వచ్చిన డాక్టర్లలో ఒకరు పైకి చదివితే విన్నాను.

"బొండాలు తాగించింది నాను. సిస్టరమ్మ నన్ను తోసినది నిజం. తొయ్యకపోతే ఆ పైపులు నా సేత్తోనే పీకేసుందును."

రాసి పెన్ను పెట్టి, అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాడు. అక్క లేచి వెళ్లి పక్కన నిలబడింది. ఓదార్చలేదు. "ఒరే, నిలబడు. నిలబడు ముందు," అంది.

డాక్టర్‌ను తిరిగి విధుల్లోకి తీసుకున్నారు. నా మెమో రద్దయింది. ఊరి పెద్దమనిషి ఆమెను చాలాకాలం వదల్లేదని తరువాత తెలిసింది. ఆస్పత్రి వాళ్లకు అమ్ముడుపోయిందని ప్రచారం చేశాడు. కొన్ని ఇళ్లవాళ్లు ఆమె దగ్గర చేపలు కొనడం మానేశారు. ఆమె అదే వీధుల్లో తట్టతో అరుచుకుంటూ తిరిగేదట, మానేసిన ఇళ్ల ముందు కాస్త ఎక్కువగానే.

విచారణ ముగిశాక ఇక మాట్లాడకూడని నియమం లేదు. ఒక సెలవు రోజున నేను భావనపాడు వెళ్లాను. రేవు ఒడ్డున కావళ్లు దించే చోట కూర్చుని చేపలు వేరుచేస్తోంది. ఏం చెప్పాలో వారం నుంచి అనుకుంటూ వెళ్లాను. నా ఉద్యోగం నిలబెట్టావని, నా పరువు నిలబెట్టావని. నోరు తెరవగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"దండానికి ఎదురుదండం ఒద్దు సిస్టరమ్మా. మల్లీ నాను ఇంకోటి ఎట్టాల. ఇలగైతే ఎప్పటికి తెమల్తాది? అది సరే గానీ, గుండె మిసను వచ్చిందా మీ గదికి?"

రాలేదని చెప్పాను. అడిగామని, పైకి రాశామని, రాలేదని.

"రాసినట్టు రుజువున్నాదా?"

మేము రాసినవి పైకి వెళ్లి ఎక్కడ ఆగిపోయేవో మాకే తెలియదు. ఆమె చేతులు ఇసకలో రుద్ది, కడుక్కుని, జాకెట్టులోంచి మడతలు అరిగిన కాగితం తీసింది. ముద్ర ఉన్న నకలు. ఆ వాక్యం కింద గోరుతో గీత గీసి చూపించింది.

"ఇదిగో. ఆ గదిలో మిసను నేదని ఆఫీసుకి తెలుసు. తెలుసని ముద్రేసిచ్చినారు. మరింక తెలీదని ఎలగంటారు?"

అప్పుడు నాకు తట్టింది, గుమాస్తా బల్ల ముందు ఆమె రసీదు కోసం అంతలా ఎందుకు నిలబడిందో. దండం నిజమే. కానీ ఆ దండంలోనే ఒక మాట జాగ్రత్తగా దాచి, దానికి సర్కారు చేతే ముద్ర వేయించుకుంది. ఫిర్యాదుగా రాసి ఉంటే పక్కన పడేసేవాళ్లు, లేదా ఎవరో ఒక నర్సు మీదికి తోసేసేవాళ్లు. మమ్మల్ని కాపాడుతూ అడిగింది.

వరుసగా నాలుగు సోమవారాలు ఆమె శ్రీకాకుళం వెళ్లి కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట వరుసలో నిలబడింది. ప్రతిసారీ అర్జీకి వెనక ఆ నకలు జతపరిచింది. మొదటిసారి వినలేదు. రెండోసారి మళ్లీ రమ్మన్నారు. మూడోసారి మా ఆస్పత్రిని వివరణ అడిగారు. సూపరింటెండెంట్ కంగారుపడుతూ నన్ను పిలిచి, ఏం రాయమంటావని అడిగాడు. "ఆమె రాసిందే రాయండి సార్," అన్నాను. ఆయన అదే రాశాడు. నాలుగోసారి మిషన్‌కు మంజూరు రాశారు. ఆ ధైర్యం ఆయనకు ఆమె దగ్గరే వచ్చిందని నేననుకుంటాను.

ఏడు నెలలకు షాక్ మిషన్ మా విభాగానికి వచ్చింది. అది ఉండి ఉంటే ఆమె తండ్రి బతికేవాడా అంటే నేను చెప్పలేను. బహుశా బతికేవాడు కాదు. కానీ తరువాత ఇద్దరిని అదే మిషన్‌తో వెనక్కి తెచ్చాం. వాళ్లు నడిచి ఇంటికి వెళ్లారు.

మిషన్ ప్రారంభించిన రోజు రిబ్బను కట్టారు, ఫొటోలు తీశారు. ఆమెకు కబురు పంపితే సంత మధ్యలో తట్టతోనే వచ్చింది. తట్ట బయట పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, ప్లగ్ పెట్టి ఉందో లేదో వంగి చూసింది. ఫొటోకు రమ్మంటే, చేపలు పాడైపోతాయంది.

సూపరింటెండెంట్ గారికి ఆనందం పట్టలేదు. "అమ్మా, ఆరోజు రాసినట్టే ఇప్పుడు ఒక మంచి ఉత్తరం రాసివ్వు. మిషన్ ఇచ్చినందుకు ప్రభుత్వానికి కృతజ్ఞతలని. పైకి పంపుతాను. ఈసారి నంబరు నేనే వేయిస్తాను," అన్నాడు.

ఆమె ఆయన్ని చూసింది. కోపం లేదు ఆ చూపులో. తూకం ముల్లు చూసే చూపు అది.

"మడుసులకి రాసినాను బాబూ. సెయ్యక్కర్నేకపోయినా సేసినారు గనక రాసినాను. ఇది మాకు రావలసినదే, ఆలీసంగా వచ్చినాది. దీనికి దండమేటి?"

అని, తట్ట నెత్తిన ఎత్తమని సెక్యూరిటీ వాడిని పేరు పెట్టి పిలిచింది.